స్కోరు 60 అయినా 115 అయినా అదే పసుపు పట్టీ: వార్డులో పెద్దాయన పడిపోకుండా చూసే ప్లాన్ ఎలా తయారవుతుంది?

రాత్రి రెండు గంటలు దాటింది. మెడికల్ వార్డులో 76 ఏళ్ల పెద్దాయన మంచం మీద లేచి కూర్చున్నారు. బాత్‌రూమ్‌కు వెళ్లాలి. మంచం పక్కనే నేల మీద చాప పరుచుకుని కొడుకు నిద్రపోతున్నాడు. వాడి నిద్ర పాడుచేయడం ఆయనకు ఇష్టం లేదు. కాలింగ్ బెల్ తల వెనక గోడకు ఉంది. సెలైన్ స్టాండును ఒక చేత్తో, మంచం అంచును ఇంకో చేత్తో పట్టుకుని, కొడుకు కాళ్లను దాటబోతూ తూలారు. అటుగా వస్తున్న నర్సు చూసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

ఆయన చేతికి అప్పటికే పసుపు పట్టీ ఉంది. పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న పేషెంట్ అని దాని అర్థం. కేస్ షీట్‌లో స్కోరు ఉంది. మంచానికి రెండు వైపులా రెయిలింగ్ ఎత్తి ఉంచాలని, అటెండర్ పక్కనే ఉండాలని, జాగ్రత్తలు చెప్పామని టిక్కులు ఉన్నాయి. కాళ్ల వైపు ఖాళీలోంచి ఆయన దిగారు. అటెండర్ పక్కనే ఉన్నాడు. కాగితం మీద రాసినవన్నీ జరిగాయి. అయినా ఆయన పడబోయారు.

ఇది ఏ ఒక్క ఆసుపత్రి కథా కాదు. వార్డుల్లో రోజూ కనిపించే వివరాలతో అల్లిన ఉదాహరణ. అంచనా ఫారం నింపాక, నర్సు కళ్లతో చూసినవి దానికి కలిపి, ఒక్కో కారణానికి ఒక్కో పని రాసుకోవడం ఎలాగో ఈ పెద్దాయన కేసుతోనే చూద్దాం.

ఆరు ప్రశ్నలు, ఒక అంకె

ఇలాంటి అంచనాకు ఎక్కువగా వాడే ఫారం మోర్స్ ఫాల్ స్కేల్. కెనడాలో జానిస్ మోర్స్ అనే నర్సింగ్ పరిశోధకురాలు దీన్ని తయారుచేసి 1989లో ప్రచురించారు. మన దేశంలో ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో పేషెంట్లు పడిపోయిన ఘటనలను లెక్కగట్టి చూపాలి. అందుకే అడ్మిషన్ ఫైలులో ఈ ఫారం గానీ, ఇలాంటిదే మరొకటి గానీ కనిపిస్తుంది.

అందులో ఉండేవి ఆరు అంశాలే. గత మూడు నెలల్లో పడ్డారా అన్నదానికి 25. ఒకటికి మించి జబ్బులుంటే 15. నడవడానికి కర్ర లేదా వాకర్ వాడితే 15, కుర్చీలూ గోడలూ పట్టుకుని నడిస్తే 30. చేతికి ఐవీ లైన్ ఉంటే 20. నడక బలహీనంగా ఉంటే 10, బాగా దెబ్బతిని ఉంటే 20. తన శక్తి ఎంతో తనకు తెలియక ‘నేను వెళ్లగలను’ అనుకునే మనిషైతే 15. చాలా చోట్ల మొత్తం 45 దాటితే ప్రమాదం ఎక్కువ అని రాస్తారు. ఈ గీత అన్ని చోట్లా ఒకటి కాదు, కొన్ని ఆసుపత్రులు 51 అని పెట్టుకున్నాయి.

మన పెద్దాయన న్యుమోనియాతో చేరారు. షుగర్, బీపీ, బలహీనపడిన గుండె, దాంతోపాటు గుండె లయ తప్పడం కూడా ఉన్నాయి. సాయంత్రం అడ్మిషన్‌లో నర్సు ‘ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా?’ అని అడిగింది. ‘లేదమ్మా’ అన్నారు. కర్ర వాడతారని కొడుకు చెప్పాడు. రోజు, ఊరు, పేరు అన్నీ సరిగా చెప్పారు కాబట్టి మానసిక స్థితి దగ్గర సున్నా పడింది. జబ్బులకు 15, కర్రకు 15, ఐవీ లైన్‌కు 20, బలహీనమైన నడకకు 10. మొత్తం 60. పసుపు పట్టీ కట్టారు.

రాత్రి చూసినదాంతో మారిన ఫారం

తూలిన ఆ రాత్రి తర్వాత డ్యూటీ నర్సు ఫారం మళ్లీ తెరిచింది. ఈసారి ప్రశ్న మార్చింది. ‘పడ్డారా?’ అని కాకుండా ‘తాతగారూ, ఇంట్లో ఎప్పుడైనా కాలు జారిందా? తూలి గోడ పట్టుకున్నారా? లేవలేక ఎవరినైనా పిలవాల్సి వచ్చిందా?’ అని అడిగింది. రెండు నెలల కిందట బాత్‌రూమ్‌లో జారి కూర్చుండిపోయారట. ‘అది పడటం కాదమ్మా, జారడం’ అన్నారాయన. మన భాషలో ఈ రెండింటికీ ఉన్న తేడా వల్ల ఫారంలో 25 పాయింట్లు గల్లంతవుతుంటాయి. పడటమంటే దెబ్బ తగలడం, ఎముక విరగడం అని చాలామంది పెద్దవాళ్ల లెక్క. దెబ్బ తగలకపోతే అది చెప్పుకోవాల్సిన విషయం కాదు.

కర్ర సంగతీ అంతే. కర్ర ఉంది, కానీ మంచం వెనక కిటికీకి తగిలించి ఉంది. ఆయన నడిచింది సెలైన్ స్టాండును, మంచాన్ని, గోడను పట్టుకుని. ఫారం అడిగేది ఆ మనిషికి కర్ర ఉందా అని కాదు, దేన్ని పట్టుకుని నడుస్తున్నాడని. కాబట్టి 15 కాదు, 30.

మానసిక స్థితి దగ్గర కూడా ఇలాంటి పొరపాటే జరిగింది. రోజు, తేదీ చెప్పగలగడం ఇక్కడ ప్రశ్న కాదు. తాను ఒంటరిగా బాత్‌రూమ్‌కు వెళ్లగలనా లేదా అన్న అంచనా ఆ మనిషికి సరిగ్గా ఉందా అన్నదే ప్రశ్న. అందుకే ‘మీరు ఒక్కరే బాత్‌రూమ్‌కు వెళ్లొస్తారా?’ అని అడిగి, ఆ జవాబును నర్సు తాను చూసిన నడకతో పోల్చి చూడాలి. ఆయన ‘ఎందుకు వెళ్లలేను’ అన్నారు. 15 వేయాలి.

ఇప్పుడు మొత్తం 115. మొదటి స్కోరుకు దాదాపు రెట్టింపు. కానీ 60కీ 115కీ పసుపు పట్టీ ఒక్కటే, ముందే అచ్చేసి ఉంచిన సూచనలూ అవే. అంకె పెరిగినంత మాత్రాన ఎవరూ చేసే పని మారలేదు. మారాల్సింది ఆ అంకె ఏయే గళ్లలోంచి వచ్చిందో చూసి రాసే ప్లాన్.

ఈ వాదన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2013లోనే ఈ మాట చెప్పింది. ఆసుపత్రిలో ఎవరు పడతారో జోస్యం చెప్పే స్కోర్లను నమ్ముకోవద్దని, 65 ఏళ్లు దాటిన ప్రతి ఇన్‌పేషెంట్‌కూ ప్రమాదం ఉన్నట్టే భావించి, ఎవరికి వారికి ఉన్న కారణాలను వెతికి సరిదిద్దాలని సూచించింది. అమెరికాలో బోస్టన్‌కు చెందిన ప్యాట్రీషియా డైక్స్ బృందం మోర్స్ స్కేల్‌ను వదలకుండానే దాని వాడకాన్ని తిప్పేసింది. ఒక్కో గడికి ఎదురుగా ఒక్కో చర్యను పెట్టి, ఆ షీట్‌ను పేషెంట్, కుటుంబ సభ్యులతో కలిసి నింపి మంచం దగ్గరే తగిలించింది. మూడు బోధనాసుపత్రుల్లోని 14 వార్డుల్లో దీన్ని అమలు చేశాక, మొత్తంగా పడిపోవడాలు సుమారు 15 శాతం, గాయమయ్యేవి 34 శాతం తగ్గాయని 2020లో వాళ్లు ప్రచురించారు. అది ముందు, తర్వాత పోల్చి చూసిన అధ్యయనం కాబట్టి ఘనతంతా ఆ షీట్‌కే కట్టబెట్టలేం. అయినా దారి మాత్రం అర్థమవుతుంది.

బాత్‌రూమ్ వేళలు

మన పెద్దాయన విషయంలో మొదట పట్టించుకోవాల్సిన కారణం ఫారంలో అసలు గడే లేనిది. అది రాత్రి మూత్రం. నర్సు నోట్స్‌లో మూడు టైములున్నాయి: 11:30, 2:10, 4:40. మూడుసార్లూ ఆయన ఎవరినీ పిలవలేదు.

ఆయనకు ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ మాత్ర ఉదయం 8కి, సాయంత్రం 6కి ఇస్తున్నారు. ఆ మాత్ర ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. అంటే సాయంత్రం మాత్ర ఆయన్ను నిద్రవేళ దాకా బాత్‌రూమ్ చుట్టూ తిప్పుతుంది. నర్సు తానుగా మందు వేళ మార్చలేదు. కానీ ‘రాత్రి మూడుసార్లు లేచారు, రెండో డోసు మధ్యాహ్నం 2కి మార్చవచ్చా’ అని డాక్టర్‌కు రాయగలదు. ప్లాన్‌లో మొదటి లైను అదే.

రెండో లైను, పిలిచేదాకా ఆగకుండా ముందే వెళ్లి అడగడం. అందరికీ రెండు గంటలకోసారి అని రాసేస్తే రాత్రి డ్యూటీలో అది జరగదని అందరికీ తెలుసు. ఆయన లేచే వేళలు తెలిశాయి కాబట్టి వాటికి కొంచెం ముందు వెళితే చాలు: 10:45, 1:30, 4:00. ‘బాత్‌రూమ్‌కు వెళ్లాలా?’ అంటే ఆయన ‘వద్దు’ అంటారు. ‘రండి తాతగారూ, ఒకసారి వెళ్లొద్దాం’ అంటే లేస్తారు. రాత్రికి యూరిన్ బాటిల్‌ను కుడిచేతి వైపు, మంచానికే తగిలించి ఉంచాలి. బాత్‌రూమ్‌కు తీసుకెళ్లిన మనిషి ఆయన బయటికి వచ్చేదాకా తలుపు దగ్గరే ఉండాలి. ఇది మగ నర్సు గానీ, వార్డ్ బాయ్ గానీ, కొడుకు గానీ చేయాలని కూడా ప్లాన్‌లో రాయాలి. ఎందుకంటే ఆయన బెల్ కొట్టకపోవడానికి ఒక కారణం ఆడపిల్లను ఆ పనికి పిలవడం మొహమాటంగా ఉండటమే. ఆ మాట ఆయన నోటితో చెప్పింది మరునాడు ఉదయం, కాఫీ తాగుతూ.

నిలబడగానే కళ్లు తిరగడం

తూలినప్పుడు ఏమైందని అడిగితే ‘ఒక్క క్షణం చీకట్లు కమ్మాయి’ అన్నారు. ఇది వినగానే చేయాల్సింది పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి బీపీ చూడటం. కనీసం ఐదు నిమిషాలు పడుకోబెట్టాక ఒకసారి, నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడో నిమిషంలో మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిన తగ్గుదల. ఆయనకు పడుకున్నప్పుడు 138/78, నిలబడ్డ నిమిషానికి 112/70. పై అంకె 26 పడిపోయింది. వార్డులో రోజూ చూసే బీపీ పడుకోబెట్టి చూసేది కాబట్టి చార్టులో అంతా బాగానే కనిపిస్తూ వచ్చింది.

దీని వెనక అనుమానించాల్సినవి చాలానే ఉన్నాయి. ఫ్యూరోసెమైడ్, ప్రోస్టేట్ కోసం రాత్రి వేసుకునే టామ్సులోసిన్, బీపీ మాత్ర, జ్వరంతో ఒంట్లో తగ్గిన నీరు. వీటికి తోడు కొడుకు సంచిలోంచి బయటపడిన మరో మాత్ర ఉంది. నిద్ర కోసం కొన్నేళ్లుగా వాడుతున్న ఆల్‌ప్రజోలామ్. అడ్మిషన్‌లో మందుల జాబితా రాసేటప్పుడు ‘అది నిద్ర మాత్రే కదా’ అని చెప్పలేదు. చెప్పకపోగా, రాత్రి ఇంటి నుంచి తెచ్చింది వేశారు కూడా. నిద్రమత్తు, తూలడం, గందరగోళం, మూడింటికీ అది కారణం కావచ్చు. అలాగని ఆ రాత్రే ఆపేయమని ఎవరూ అనకూడదు. ఏళ్ల తరబడి వాడిన ఇలాంటి మాత్రను హఠాత్తుగా మానేస్తే వేరే ప్రమాదాలు వస్తాయి. ఎంత తగ్గించాలి, ఎన్నాళ్లలో అన్నది డాక్టర్ నిర్ణయం. నర్సు చేసే పని, ఆ మాత్ర ఉందన్న సంగతినీ నిలబెట్టి చూసిన బీపీనీ ఒకే నోట్‌లో, ఒకే డాక్టర్ కళ్ల ముందు పెట్టడం.

డాక్టర్ నిర్ణయం వచ్చేలోపు మంచం దగ్గర చేసేది వేరే ఉంది. లేచాక కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవాలి, పాదాలు పైకీ కిందకీ ఆడించాలి, నిలబడ్డాక ఒక నిమిషం ఆగి అప్పుడు అడుగు వేయాలి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోవాలి.

మంచం, స్టాండు, చెప్పులు

రెయిలింగ్ గురించి ఒక మాట. మన వార్డుల్లో పెద్దవాళ్లకు చేసే మొదటి పని అటూ ఇటూ రెయిలింగ్ ఎత్తేయడం. లేవలేని, కదల్లేని మనిషికి అది పనికొస్తుంది. లేచి తిరిగే శక్తి ఉండి, బాత్‌రూమ్ తొందరలో ఉన్న మనిషికి అది దాటాల్సిన గోడ. దాన్ని ఎక్కి దిగబోతే ఇంకా ఎత్తు నుంచి పడతాడు. పెద్దాయన విషయంలో ప్లాన్ ఇలా మారింది: తల వైపు సగం రెయిలింగ్ మాత్రమే, అదీ పట్టుకుని లేవడానికి. మంచం ఎత్తు తగ్గించాలి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. చక్రాల బ్రేకులు వేసి ఉన్నాయో లేదో ప్రతి షిఫ్టులో చూడాలి.

ఐవీ లైన్ దగ్గర ఒక విచిత్రం ఉంది. యాంటీబయాటిక్ రోజుకు మూడుసార్లు, అరగంట చొప్పున ఎక్కుతుంది. రాత్రి డోసు 10కి మొదలై 10:30కి అయిపోతుంది. కానీ ఖాళీ బాటిల్‌తో ట్యూబు ఉదయం 6 గంటల డోసు దాకా అలాగే చేతికి వేలాడుతూ ఉంటోంది. అందుకే ఆయన స్టాండును వెంట లాక్కెళ్లారు. డోసు అవగానే ట్యూబు తీసి, లైన్ ఫ్లష్ చేసి మూత పెడితే ఆయన చేతులు ఖాళీ. చేతికి క్యాన్యులా ఉన్నంతకాలం స్కోరులో 20 అలాగే ఉంటుంది, అసలు ప్రమాదం మాత్రం తగ్గుతుంది. స్కోరు తగ్గించడం, ప్రమాదం తగ్గించడం ఒకటే కాదనడానికి ఇంతకన్నా చిన్న ఉదాహరణ దొరకదు. మాత్రలకు ఎప్పుడు మారవచ్చన్నది రోజూ రౌండ్స్‌లో అడగాల్సిన ప్రశ్నగా రాశారు.

నడక కోసం ఫిజియోథెరపిస్ట్ చూశారు. ఈ నాలుగు రోజులకు కర్ర చాలదని వాకర్ ఇచ్చారు. అది ఆయన దిగే వైపే, చేతికి అందేలా ఉండాలి. తడిసిన హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి తెప్పించారు. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయారని తేలితే కోడలు తెచ్చింది.

అటెండర్ కూడా ప్లాన్‌లో భాగమే

విదేశీ ఫారాల్లో లేనిది, మన వార్డుల్లో ప్రతి మంచం దగ్గరా ఉండేది అటెండర్. ‘అటెండర్ పక్కనే ఉండాలి’ అన్న టిక్కుకు అర్థం లేదు. రాత్రంతా మెలకువగా ఉండి, పగలు ఉద్యోగానికి వెళ్లే కొడుకు రెండో రాత్రికి స్పృహ లేకుండా నిద్రపోతాడు. అతడి చాపే పెద్దాయన దారికి అడ్డు. కాబట్టి ప్లాన్‌లో అతడికి చెప్పాల్సినవి విడిగా ఉన్నాయి. ఆయన దిగని వైపు చాప వేసుకోవాలి. బాత్‌రూమ్ దారిలో సంచులు, నీళ్ల సీసాలు, చెప్పులు ఉండకూడదు. టీకో భోజనానికో వెళ్లేముందు నర్సుకు చెప్పి వెళ్లాలి. ఇంటి మందులన్నీ నర్సు స్టేషన్‌లో ఇవ్వాలి. నాన్న లేస్తే ఒంటరిగా ఎత్తబోకుండా బెల్ కొట్టాలి. ఆ బెల్‌ను గోడ మీంచి తీసి దిండుకు పిన్ను పెట్టారు.

పెద్దాయనతో మాట్లాడటమూ ఒక పని. ‘లేవొద్దు’ అని చెబితే అందరూ తలూపుతారు. ‘ఇప్పుడు మీకు బాత్‌రూమ్ వచ్చిందనుకోండి, ఏం చేస్తారో చూపించండి’ అంటే ఎంత అర్థమైందో తెలుస్తుంది. ఆయన బెల్ వెతికి నొక్కి చూపించారు. ఇలా చెప్పి చూపించగలిగే వాళ్లకు ఈ పద్ధతి పనిచేస్తుంది. మతిమరుపు, అయోమయం ఉన్నవాళ్లకు పనిచేయదు. అలాంటివారికి మాట మీద కాకుండా వేళకు వెళ్లి చూడటం మీద ఆధారపడాలి. న్యుమోనియా ఉన్న పెద్దవాళ్లలో అయోమయం సాయంత్రానికో రాత్రికో హఠాత్తుగా మొదలవుతుంది. పగలు బాగా మాట్లాడిన మనిషి రాత్రి ఈ మంచం ఎవరిదని అడిగితే, నెలల పేర్లు వెనక్కి చెప్పమంటే తడబడితే, అది వయసు వల్ల అనుకోకుండా డాక్టర్‌ను పిలవాలి. ఆయనకు రెండు రాత్రులు అడిగి చూశారు, తడబాటు లేదు.

మంచం మీంచి లేవగానే మోగే అలారాలు కొన్ని ఆసుపత్రులు కొంటున్నాయి. అమెరికాలో ఒక ఆసుపత్రిలోని వార్డుల్లో వాటి వాడకాన్ని పెంచి చూసిన 2012 నాటి అధ్యయనంలో పడిపోవడాలు తగ్గలేదు. అలారం మోగేసరికి మనిషి అప్పటికే నిలబడి ఉంటాడు. రాత్రి డ్యూటీలో నర్సు ఇంకో మంచం దగ్గర ఉంటుంది.

పడితే ఏమవుతుంది?

మోర్స్ స్కేల్ పడే అవకాశాన్ని అడుగుతుంది. పడితే ఎంత నష్టమో అడగదు. ఈ పెద్దాయన గుండె లయ కోసం అపిక్సబాన్ అనే రక్తం పలుచబరిచే మందు వాడుతున్నారు. తల నేలకు తగిలితే పైకి చిన్న బొప్పి కట్టవచ్చు, లోపల రక్తం కారుతుండవచ్చు. కాబట్టి ఆయన ప్లాన్ పైభాగంలోనే ఎర్ర సిరాతో ఒక లైను ఉంది: పడితే వెంటనే లేపవద్దు. స్పృహ, మెడ, తుంటి, కాళ్ల పొడవు చూడాలి. తల తగిలినా, తగిలిందో లేదో తెలియకపోయినా అపిక్సబాన్ సంగతి చెప్పి డాక్టర్‌ను పిలవాలి. ‘ఏమీ కాలేదు’ అని ఆయన చెప్పినా సరే. మంచంలో పడుకోబెట్టి పొద్దున చూద్దామనుకున్న చోటే ఇలాంటి కేసులు చేయి దాటిపోతాయి.

ప్లాన్ పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఫైలు తిరగేస్తేనే కొంత తెలిసిపోతుంది. మూడు షిఫ్టుల్లోనూ అదే స్కోరు, అవే టిక్కులు ఉంటే ఎవరూ మళ్లీ చూడలేదన్నమాట. పక్క మంచం పేషెంట్ ప్లాన్, ఈయన ప్లాన్ మాట మాటకూ కలిస్తే అది ప్లాన్ కాదు, అచ్చు కాగితం. ప్రతి లైనులో ఎవరు, ఎప్పుడు అన్నవి ఉండాలి. ‘తరచూ గమనించాలి’ అన్న లైను ఎవరి పనీ కాదు, అందుకే ఎవరూ చేయరు. కొత్తగా మత్తు మందు మొదలైనా, వార్డు మారినా, జ్వరం పెరిగినా, తూలినా ఫారం మళ్లీ తెరవాలి. ఆ రాత్రి లాంటి తప్పిన పతనాలను రాసే ఆసుపత్రులు తక్కువ. రాస్తే సంజాయిషీ అడుగుతారేమోనన్న భయం నర్సులకు ఉంటుంది. కానీ మన కేసులో ఈ ప్లాన్ మొత్తం ఆ ఒక్క తూలుడు గురించి రాసినందువల్లే వచ్చింది.

నాలుగో రోజున క్యాన్యులా తీసేశారు. ఆయన వాకర్‌తో నడుస్తున్నారు. ‘ఒక్కరే వెళ్తారా?’ అంటే ‘బెల్ కొడతాలేమ్మా’ అంటున్నారు. సాయంత్రం మాత్ర మధ్యాహ్నానికి మారాక రాత్రి ఒక్కసారే లేచారు. నిలబెట్టి చూస్తే బీపీ తగ్గుదల 12కు దిగింది. ఫారంలో మళ్లీ లెక్క వేస్తే రెండు నెలల కిందటి జారుడుకు 25, జబ్బులకు 15, వాకర్‌కు 15, నడకకు 10, మొత్తం 65. చేరిన రోజు వేసిన 60 కన్నా ఎక్కువే. పసుపు పట్టీ ఇంకా తీయలేదు. డిశ్చార్జ్ కాగితం వెనక నర్సు రాసిచ్చిన మూడు లైన్లు మాత్రం కొడుకు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు: బాత్‌రూమ్ గోడకు పట్టుకునే రాడ్, రాత్రి వెలిగే చిన్న లైటు, వారం తర్వాత నిద్రమాత్ర గురించి డాక్టర్‌ను మళ్లీ అడగాలి.